రెండో నంబరు థియేటర్ గడియారం: ఓటీ లిస్టు సరిదిద్దే పని, ఎనిమిది వారాల డైరీ

జూన్ 9, సోమవారం

ఈ పని నా నెత్తిన పడడానికి కారణం గత నెలలో జరిగిన ఒక సంఘటన. అరవై దాటిన ఒక పెద్దాయన హెర్నియా ఆపరేషన్ కోసం రాత్రి పది గంటల నుంచి ఏమీ తినకుండా ఉన్నారు. లిస్టులో ఆయన నాలుగో వారు. మధ్యాహ్నం మూడు గంటలకు వార్డుకు ఫోన్ చేసి, ఈ రోజు కుదరదు, రేపు చేస్తామని చెప్పించాము. ఆ మాట చెప్పవలసి వచ్చిన వార్డు సిస్టర్ ఆ సాయంత్రం నా దగ్గరకు వచ్చి, "మేడమ్, ఆ లిస్టు వేసినవాళ్ళే వచ్చి ఆయనకు చెప్తే బాగుండేది" అన్నది. నేను మత్తు డాక్టరును. లిస్టు వేసేది నేను కాదు, కానీ ఆ లిస్టు మీద సంతకం నాది కూడా ఉంటుంది.

మాది విజయవాడలో ఒక మధ్యస్థాయి ప్రైవేటు ఆసుపత్రి. నాలుగు థియేటర్లు ఉన్నాయి. నాలుగోది సిజేరియన్లకు, అత్యవసర కేసులకు కేటాయించి ఉంటుంది కనుక దాని జోలికి పోవడం లేదు. జనరల్ సర్జరీ జరిగే రెండో నంబరు థియేటర్ ఒక్కదానినే తీసుకున్నాను. కాగితం మీద దాని సమయం ఉదయం 8:30 నుంచి మధ్యాహ్నం 2:30 వరకు, అంటే 360 నిమిషాలు. నర్సుల డ్యూటీ ఎనిమిది నుంచి రెండు వరకు. ఈ రెండు అంకెలకే పొంతన లేదన్న సంగతి ఇన్నేళ్ళుగా ఎవరికీ తట్టకపోవడం నాకు ఈ రోజే వింతగా తోచింది.

జూన్ 11, బుధవారం

కొలవడం మొదలుపెట్టిన మొదటి రోజే చిక్కు వచ్చింది. థియేటర్ లోపలి గడియారం, బయట రిజిస్టర్ ఉండే బల్ల పైనున్న గడియారం కంటే ఏడు నిమిషాలు వెనుక ఉన్నది. లోపలి గడియారం ప్రకారం "8:52కు మత్తు మొదలు" అని, సర్జన్‌కు పరికరాలు అందించే స్క్రబ్ సిస్టర్ చెప్పగా, బయటి గడియారం ప్రకారం రోగి 8:55కు లోపలికి వెళ్ళినట్లు ఫ్లోర్ నర్సు రాసింది. రోగి లోపలికి రాకముందే మత్తు ఇచ్చినట్లయింది. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి అన్ని గడియారాలనూ ఒకే సెల్‌ఫోన్ సమయానికి పెట్టించాను. ఇకపై థియేటర్ లోపలి గడియారమే ప్రమాణం.

ఒక్కో కేసుకు ఆరు సమయాలు మాత్రమే రాయమన్నాను: రోగి థియేటర్ లోపలికి వచ్చిన సమయం, మత్తు మొదలైన సమయం, సర్జన్ చేతికి రోగిని అప్పగించిన సమయం, కోత, చివరి కుట్టు, రోగి బయటకు వెళ్ళిన సమయం. మొదట పన్నెండు గడులతో ఒక ఫారం తయారుచేశాను కానీ, ఇన్‌చార్జి సిస్టర్ దానిని చూసి నవ్వి, "మేడమ్, అన్ని గడులుంటే చివరలో కూర్చుని ఊహించి నింపుతారు" అన్నది. ఆమె అనుభవం ముందు నా ఫారం ఓడిపోయింది.

జూన్ 12, గురువారం

ఈ రోజు మొదటి కేసుకు ముందు ఏం జరుగుతుందో చూడడానికి పెన్ను పట్టుకుని నిలబడ్డాను. మొదటి కేసు నడుము దగ్గర సూదితో ఇచ్చే స్పైనల్ మత్తు కింద చేసే హెర్నియా. రోగికి 7:40కల్లా గౌను వేసి, కాన్యులా పెట్టి సిద్ధం చేశారు. 8:05కు హోల్డింగ్ రూముకు వచ్చారు. 8:15కు నా స్పైనల్ ట్రే సిద్ధం. అక్కడి నుంచి ఎవరూ కదలలేదు.

సర్జన్ గారు సూర్యారావుపేటలో మరో నర్సింగ్ హోమ్‌లో రౌండ్స్‌లో ఉన్నారు. సిస్టర్ ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "పేషెంటును టేబుల్ మీదికి తీసుకున్నారా?" తీసుకోలేదని చెప్పగానే, "తీసుకున్నాక చెప్పండి, ఐదు నిమిషాల్లో ఉంటాను" అన్నారు. ఇటు నేను సిస్టర్‌ను అడిగిన మొదటి ప్రశ్న, "సర్ బయల్దేరారా?" ఆయన ఆసుపత్రి గేటు లోపలికి రాకుండా నేను స్పైనల్ ఇవ్వను. స్పైనల్‌లో ఇచ్చే మందు హెవీ బ్యుపివకెయిన్ పనిచేసేది మోతాదును బట్టి ఇంచుమించు రెండు గంటలు. అందులో అరగంట ట్రాఫిక్‌కు ధారపోస్తే, కేసు సాగిన రోజున చివరి కుట్ల దగ్గర రోగికి నొప్పి తెలియడం మొదలు కావచ్చు. ఆయన దృష్టిలో ముందుగా వచ్చి కాఫీ తాగుతూ కూర్చోవడం వృథా. నా దృష్టిలో ముందుగా మత్తు ఇవ్వడం ప్రమాదం. ఎవరి లెక్క వారికి సరైనదే. ఆ రెండు సరైన లెక్కల మధ్య రోగి స్ట్రెచర్ మీద సీలింగ్ చూస్తూ పడుకున్నారు.

రోగి లోపలికి వచ్చింది 9:04కు. రిజిస్టర్‌లో కారణం గడిలో "సర్జన్ ఆలస్యం" అని రాశారు. సర్జన్ గారి సహాయకుడి డైరీలో అదే రోజుకు "అనస్థీషియా ఆలస్యం" అని ఉన్నది. ఇకనుంచి కారణం గడిని తీసివేస్తున్నాను. అందులో దొరికేది తగవు మాత్రమే.

జూన్ 28, శనివారం

మూడు వారాల కాగితాలు చేతికి వచ్చాయి. అమావాస్య రోజున ఎవరూ ఆపరేషన్‌కు ఒప్పుకోరు కనుక ఆ రోజు లిస్టు ఖాళీగా పోయింది. అది తీసివేస్తే 15 రోజులు మిగిలాయి. మొదటి రోగి 8:30కల్లా లోపలికి వచ్చింది మూడు రోజులే. మిగతా రోజుల్లో ఆలస్యం సగటున 35 నిమిషాలు. 2:30 దాటిన రోజులు 13.

అందరి వేలూ ఆ 35 నిమిషాల మీదనే ఉన్నది. అది కళ్ళ ఎదుట జరిగే ఆలస్యం కాబట్టి అలా ఉండడం సహజమే. ఉదయం సమయానికి మొదలైతే మధ్యాహ్నం సమయానికి ముగుస్తుందని నేనూ అనుకున్నాను, అందుకే ముందు దానినే పట్టుకున్నాను.

జులై 5, శనివారం

ఉదయం పూట ముడి విప్పడానికి రెండు వైపులా ఒకేసారి మాట తీసుకోవలసి వచ్చింది. సర్జన్ గారు గానీ, రోగిని సరైన భంగిమలో పడుకోబెట్టి, కోతకు ముందు అందరూ కలిసి చేసే ఆఖరి తనిఖీ అయిన టైమ్ అవుట్‌లో నిలబడగలిగిన ఆయన సీనియర్ సహాయకుడు గానీ 8:20కల్లా ఓటీ బల్ల దగ్గర సంతకం పెట్టాలి. సహాయకుడు వస్తే సర్జన్ గారు అప్పటికే ఆసుపత్రి ఆవరణలో ఉన్నట్లు ఫోన్‌లో నిర్ధారించాలి. సంతకం పడిన పది నిమిషాల్లో రోగిని లోపలికి తీసుకునే పూచీ నాది. ఆయన 8:20కి వచ్చిన రోజున రోగి 8:30కి లోపల లేకపోతే, మరుసటి రోజు ఆయన తన ఇష్టం వచ్చినప్పుడు రావచ్చునని కూడా ఒప్పుకున్నాను. అలా పందెం కాస్తేనే ఆయన నమ్మారు.

మరొక మార్పు మొదటి రోగిని ఎంచుకునే పద్ధతిలో చేశాము. ముందురోజు సాయంత్రం నాలుగు గంటలకు ఇన్‌చార్జి సిస్టర్, నేను కలిసి వార్డుకు వెళ్ళి మొదటి పేరును పరీక్షిస్తాము. మత్తుకు ముందు చేసే పరీక్ష పీఏసీలో "ఫిట్" అని సంతకం ఉన్నదా, కన్సెంట్ మీద సంతకం అయిందా, ఎన్టీఆర్ వైద్యసేవ కేసైతే ముందస్తు అనుమతి, అంటే ప్రీ-ఆథ్ వచ్చిందా, కావలసిన సెట్టు స్టెరిలైజ్ అయి అలమారలో ఉన్నదా అని చూస్తాము. ఒక్కటి "లేదు" అయినా ఆ రోగి రెండో స్థానానికి పోతారు, అన్నీ ఉన్నవారు మొదటికి వస్తారు. నాలుగు దాటాక మొదటి పేరును మార్చడానికి నాతో సహా ఎవరికీ అధికారం లేదు.

ఈ పరీక్షలో ఐదో ప్రశ్నను మాకు ఒక రోగి భార్య నేర్పింది. గత సోమవారం మొదటి రోగిని తీసుకురావడానికి స్ట్రెచర్ వెళ్తే ఆమె తలుపుకు అడ్డంగా నిలబడి, "తొమ్మిది దాటాక తీసుకెళ్ళండమ్మా, ఇప్పుడు రాహుకాలం" అన్నది. పంచాంగం లెక్కలో సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది వరకు. మా మొదటి కేసు సరిగ్గా దాని నడుమ వస్తుంది. పాత కాగితాలు తిరగేసి చూస్తే సోమవారాల ఆలస్యం మిగతా రోజుల కంటే ఎక్కువగానే కనిపించింది. ఇప్పటివరకు దానిని వారాంతపు బద్ధకం ఖాతాలో వేశాము. ఇకపై ఆదివారం సాయంత్రమే అడుగుతున్నాము. పట్టింపు లేనివారు మొదటికి, ఉన్నవారు రెండో స్థానానికి. వాదించి ఒప్పించే పని పెట్టుకోలేదు. భయంతో ఉన్న మనిషికి మత్తు ఇవ్వడం నాకూ ఇష్టం లేదు.

జులై 18, శుక్రవారం

రెండు వారాల్లో 12 రోజులకు గాను 9 రోజులు మొదటి రోగి 8:35 లోపల టేబుల్ మీద ఉన్నారు. ఇది సంతోషించవలసిన విషయమే. కానీ అదే 12 రోజుల్లో 8 రోజులు 2:30 దాటింది. నిన్న స్క్రబ్ సిస్టర్ రెండు గంటలకు డ్యూటీ దిగవలసింది, 3:40కి దిగింది. ఆమె మంగళగిరి బస్సు అందుకోవాలి, ఇంట్లో బడి నుంచి వచ్చే పిల్లవాడు తాళం ముందు కూర్చుంటాడు. కేసు మధ్యలో మరొకరికి అప్పగించి వెళ్ళమనడం సులభంగా చెప్పగలిగిన మాట. కానీ రక్తం అద్దే గాజ్ గుడ్డల లెక్క, పరికరాల లెక్క చేతులు మారే చోటనే తప్పులు జరుగుతాయి, అందుకని ఆమె వెళ్ళదు.

అంటే ఉదయం సంపాదించిన అరగంట మధ్యాహ్నానికి ఎక్కడో ఇంకిపోతున్నది. ఎక్కడన్నది వెతకాలి.

జులై 20, ఆదివారం

దొరికింది. అది థియేటర్‌లో లేదు, ముందురోజు సాయంత్రం రాసే లిస్టు కాగితంలో ఉన్నది.

గురువారం లిస్టునే తీసుకుంటున్నాను. థైరాయిడ్‌లో ఒక భాగం తీసే లోబెక్టమీ, చిన్న రంధ్రాల ద్వారా చేసే ల్యాప్ గాల్‌బ్లాడర్, ఓపెన్ హెర్నియా, మలద్వారం చీలికకు చేసే ఫిషర్, మొత్తం నాలుగు. సర్జన్ గారు చెప్పిన సమయాలు వరుసగా 75, 45, 40, 20 నిమిషాలు. కలిపితే 180. ఆరు గంటల థియేటర్‌లో మూడు గంటల పని, కనుక ఇంకొకటి వేసినా తప్పు లేదన్నట్లు కనిపిస్తుంది. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆయన గడియారం కోతతో మొదలై చివరి కుట్టుతో ఆగుతుంది. థియేటర్ గడియారం మాత్రం రోగి లోపలికి రావడంతో మొదలవుతుంది. మానిటర్లు తగిలించడం, మత్తు, ట్యూబు, భంగిమ, మందుతో చర్మం తుడిచే పెయింటింగ్, గుడ్డలు కప్పే డ్రేపింగ్, ఆపైన చివర మెలకువ రావడం, ట్యూబు తీయడం, ఇవన్నీ ఆయన లెక్కకు బయటివి. మా ఆరు గడుల కాగితాల నుంచి రోగి లోపల ఉన్న మొత్తం సమయం సగటు తీస్తే అవి 135, 95, 80, 50 అయ్యాయి. కలిపితే 360. ఒక రోగి బయటకు వెళ్ళి మరొకరు లోపలికి రావడానికి సగటున 25 నిమిషాలు. నాలుగు కేసుల మధ్య మూడు విరామాలు కనుక 75. మొత్తం 435 నిమిషాలు. సరిగ్గా 8:30కి మొదలైనా ఆ లిస్టు 3:45 దాకా సాగవలసిందే. ఉదయం అందరం పరుగెత్తినా ఎందుకు ముగియలేదన్న ప్రశ్నకు ఇదే జవాబు.

సగటు విషయంలో సర్జన్ గారితో చిన్న వాదన జరిగింది. "నా ల్యాప్ కేసు ఎనభై, ఎనభై ఐదు నిమిషాలకు మించదు, మీరు 95 అంటున్నారు" అన్నారు. ఆయన చివరి పది కేసులు ముందు పెట్టాను: 70, 75, 75, 80, 85, 85, 90, 100, 120, 170. నడిమి విలువ 85, ఆయనకు గుర్తున్నది అదే. ఆ 170 మాత్రం గాల్‌బ్లాడర్ నాళం ఉండే కాలాట్ త్రికోణంలో అంతా అతుక్కుపోయి ఉండడంతో ఓపెన్‌గా మార్చవలసి వచ్చిన కేసు. అది వేరే లెక్క, దాన్ని తీసేయమన్నారు. కానీ ఆ నూట డెబ్భై నిమిషాలూ స్క్రబ్ సిస్టర్ అక్కడే నిలబడి ఉన్నది కదా. ఆపరేషన్ సమయాలు ఎప్పుడూ ఒకవైపుకే సాగుతాయి. ఎంత చేయి తిరిగినవారైనా ల్యాప్ కేసును గంటకు లోపల ముగించడం అరుదు, చెడిన రోజున మాత్రం మూడు గంటలైనా పట్టవచ్చు. కేసులను కలిపి రోజు మొత్తాన్ని అంచనా వేసేటప్పుడు సగటులనే కూడాలి. నడిమి విలువలను కూడితే ఇలాంటి ప్రతి కేసులోనూ పది నిమిషాలు మాయమవుతాయి, అవి మధ్యాహ్నం తేలుతాయి.

జులై 22, మంగళవారం

సగటులను కూడితే సరిపోతుందా అంటే, అదీ చాలదు. మొత్తం సరిగ్గా 360 వచ్చేలా లిస్టు వేస్తే ఇంచుమించు రెండు రోజుల్లో ఒకరోజు దాటుతుంది. ఐదు రోజుల్లో నాలుగు రోజులైనా సమయానికి ముగియాలని పెట్టుకున్నాము. దానికి ఎంత వెసులుబాటు వదలాలన్నది కేసుల హెచ్చుతగ్గులను బట్టి ఉంటుంది. సగటుకు అటూఇటూ ఎంత మారుతుందో చెప్పే ప్రామాణిక విచలనం థైరాయిడ్‌కు 35 నిమిషాలు, ల్యాప్‌కు 30, హెర్నియాకు 15, ఫిషర్‌కు 10, ఒక్కో విరామానికి 8. వీటిని నేరుగా కూడకూడదు. వర్గాలను కూడి వర్గమూలం తీయాలి, ఎందుకంటే ఒకే రోజున అన్నీ చెడడం అరుదు. దానిని 0.84తో గుణిస్తే ఎనభై శాతం రోజులకు సరిపోయే వెసులుబాటు వస్తుంది. C నిలువు వరుసలో సగటు, D నిలువు వరుసలో విచలనం పెట్టి లిస్టు షీటులో ఈ సూత్రం రాశాను:

```
=SUM(C2:C4)+25*(COUNT(C2:C4)-1)+0.84*SQRT(SUMSQ(D2:D4)+64*(COUNT(C2:C4)-1))
```

ఫలితం 360 లోపల ఉంటే లిస్టు ఖాయం, దాటితే ఏదో ఒకటి మారాలి. గురువారం లిస్టులోంచి ఫిషర్‌ను తీసివేసి మిగతా మూడూ ఉంచితే సగటుల మొత్తమే 360కి చేరుతున్నది, వెసులుబాటు సున్నా. హెర్నియాను తీసి థైరాయిడ్, ల్యాప్, ఫిషర్ ఉంచితే 371. ల్యాప్‌ను మరో రోజుకు జరిపి థైరాయిడ్, హెర్నియా, ఫిషర్ ఉంచితే 349. హెచ్చుతగ్గులు ఎక్కువగా ఉండే రెండు కేసులు ఒకే లిస్టులో కూర్చోకుండా చూడడమే అసలు కిటుకు అని ఇక్కడ తేలింది.

వరుస మార్చితే ముగింపు సమయం మారుతుందని చాలామంది అనుకుంటారు. మారదు, మొత్తం అంతే ఉంటుంది. మారేది ఎవరు ఎదురుచూస్తారన్నదే. మేము థైరాయిడ్‌ను ముందు పెట్టాము, కారణం గడియారం కాదు. మెడలో రక్తస్రావం అయితే తొలి కొద్ది గంటల్లోనే బయటపడే అవకాశం ఎక్కువ. ఆ గంటల్లో సర్జన్ గారు, నేను ఇద్దరమూ ఆసుపత్రిలో ఉండాలి. ఫిషర్ శుభ్రత దృష్ట్యా ఎలాగూ చివరిది.

జులై 24, గురువారం

కొత్త పద్ధతిలో మొదటి లిస్టు. థైరాయిడ్ రోగి లోపలికి 8:34, బయటకు 10:58. హెర్నియా లోపలికి 11:22, బయటకు 12:40. ఫిషర్ లోపలికి 1:06, బయటకు 1:53. స్క్రబ్ సిస్టర్ చేతి తొడుగులు తీస్తూ గడియారం వైపు రెండుసార్లు చూసింది. ఏమీ అనలేదు.

విరామాలను 25 నుంచి తగ్గించాలని కూడా ప్రయత్నించాము. చివరి కుట్లు మొదలుకాగానే తరువాతి రోగి కోసం వార్డుకు ఫోన్ చేయించాము. రోగి త్వరగానే బయల్దేరుతున్నారు కానీ, ఆ సమయానికి లిఫ్టులో భోజనం ట్రాలీలు ఎక్కుతాయి. లిఫ్టు సంగతి మరోసారి చూడాలి. సూత్రంలో 25 అలాగే ఉంచాను.

జులై 30, బుధవారం

ఐదింట ఒకరోజు దాటుతుందని మేమే ఒప్పుకున్నాము, ఆ ఒక్కరోజు ఈ రోజు వచ్చింది. ల్యాప్ ఓపెన్‌గా మారింది. అయితే దీని కోసం ముందే ఒక ఏర్పాటు చేసుకున్నాము. ప్రతిరోజూ 12:30కు ఇన్‌చార్జి సిస్టర్, నేను మిగిలిన కేసుల సగటులను అప్పటి సమయానికి కలిపి చూస్తాము. మూడు గంటలు దాటేలా ఉంటే, అత్యవసరం కాని చివరి కేసును అప్పుడే వాయిదా వేస్తాము, మూడు గంటల దాకా ఆశ పెట్టము. ఈ రోజు ఆ చివరి రోగికి చెప్పడానికి సర్జన్ గారే వార్డుకు వెళ్ళారు. ఆయన వెంట నేనూ వెళ్ళాను. ఒంటిగంట లోపలే ఆ రోగి చేతికి కొబ్బరినీళ్ళు, ఆపై భోజనం అందాయి. రేపటి లిస్టులో మొదటి పేరు ఆయనదే.

ఓటీ టెక్నీషియన్లలో ఒకరికి, స్క్రబ్ సిస్టర్లలో ఒకరికి పది నుంచి నాలుగు వరకు డ్యూటీ మార్చాము. దాటిన రోజున వాయిదా పోగా మిగిలిన చివరి కేసును మొదటి నుంచే వారు తీసుకుంటారు కనుక లెక్క మధ్యలో చేతులు మారదు. ఈ రోజు అది పనిచేసింది. మనుషులను కొత్తగా తీసుకోలేదు, ఉన్నవారి గంటలనే జరిపాము. ఉదయం ఎనిమిదికి అందరూ ఒకేసారి వచ్చి గుమిగూడడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదని తెలిసింది.

ఆగస్టు 2, శనివారం

సర్జన్ గారు కొత్త ఫిర్యాదుతో వచ్చారు. నిన్న థియేటర్ ఒంటిగంటన్నరకే ఖాళీ అయింది, గంట వృథా అయిందన్నారు. నిజమే, వెసులుబాటు వదిలితే మంచిరోజున అది ఖాళీగానే కనిపిస్తుంది. ఆయనకు పరిష్కారంగా లోకల్ ఇచ్చి చేసే, చర్మం కింది కొవ్వు గడ్డలైన లైపోమాల జాబితా ఒకటి పక్కన పెట్టాము. ఉపవాసం అవసరం లేని, ఊళ్ళోనే ఉండి ఫోన్ చేస్తే అరగంటలో రాగలిగిన రోగులు మాత్రమే అందులో ఉంటారు. 12:30 లెక్కలో కనీసం 75 నిమిషాలు మిగిలితేనే వారిలో ఒకరికి ఫోన్ వెళ్తుంది.

పది కంటే తక్కువ కేసులున్న ఆపరేషన్లకు ఒక్క సర్జన్ సగటును నమ్మడం లేదు, అందరి సర్జన్లదీ కలిపి వాడుతున్నాము. కొత్తగా చేరిన సర్జన్ గారికి ఇది కాస్త అన్యాయంగా ఉన్నట్లుంది, నెల తరువాత ఆయన కాగితాలు విడిగా చూస్తానని మాట ఇచ్చాను. సోమవారం నుంచి ఎముకల థియేటర్ కాగితాలు మొదలవుతాయి. అక్కడ ఆపరేషన్ మధ్యలో ఎక్స్‌రే చూపే ఒకే సీ-ఆర్మ్ యంత్రాన్ని యూరాలజీ వారు కూడా వాడుకుంటారు కనుక, రెండు లిస్టులనూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఆరు గడుల ఫారంలో ఏడో గడి ఒకటి చేర్చమని ఇన్‌చార్జి సిస్టర్‌ను అడిగాను: యంత్రం లోపలికి వచ్చిన సమయం. ఈసారి ఆమె నవ్వలేదు.